సెకను తప్పిన ఇత్తడి పట్టీ

మా కాలేజీ ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే మట్టిదారి చివర ఉంది. బోర్డు మాత్రం రోడ్డు మీదే ఉంది, కాలేజీ కంటే పెద్దది. ఆ బోర్డు చూసి చేరినవాళ్లం మేము. లోపలికి వచ్చి బిల్డింగు చూశాక, బోర్డులోనే క్లాసులు చెప్పి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

ఏ కాలేజీకైనా ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే ఒక రకమైన పెళ్లికళ వస్తుంది. గోడలకు సున్నం పడుతుంది. లేని లైబ్రరీకి తాళం పడుతుంది. రోజూ గేదెలు కట్టేసే చోట క్రికెట్ పిచ్ మొలుస్తుంది. మేము సెకండియర్‌లో ఉండగా అలాంటి ఇన్‌స్పెక్షన్ ఒకటి వచ్చింది. అప్పుడు మా చైర్మన్ సారుకు ఒక ఆలోచన తట్టింది. ఆయన మన్నెగూడ దగ్గర ప్లాట్లు అమ్మి పైకి వచ్చిన మనిషి. ఏ వెంచర్ చూసినా ముందు గేటు, తర్వాతే లేఅవుట్. అదే సూత్రంతో కాలేజీ హాల్లోకి అడుగు పెట్టగానే కళ్లు చెదిరేటట్టు ఒక సైన్సు వస్తువు ఉండాలన్నారు.

ఆ వస్తువు పెండ్యులం. ఇత్తడి పట్టీ ఒకటి గాజుపెట్టెలో వేలాడుతూ, అటు ఒక సెకను, ఇటు ఒక సెకను ఊగుతూ ఉంటుంది. పక్కనే గోడకు డిజిటల్ గడియారం. కింద పలక మీద 'ఒక ఊపు ఒక సెకను. కాలాన్ని గౌరవించండి' అని రాసి ఉంటుంది. మొదటి పీరియడ్‌కు సారు రావడానికే అరగంట పట్టే కాలేజీలో ఆ పలక పెట్టాలంటే గుండె ధైర్యం కావాలి.

ఆ ఆలోచన పుట్టిన రోజున ఫిజిక్స్ ల్యాబులో మేడం లేరు, పేపర్లు దిద్దడానికి వెళ్లారు. ఉన్నది నేనూ, నా దోస్తూ. వాడికి ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబు మిగిలిపోయింది. రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ పోయింది. మూడోసారి కూడా పోతే క్రెడిట్లు చాలవు, థర్డియర్‌లోకి పోనివ్వరు, ఒక ఏడాది ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో కూర్చోవడమంటే వాడికి కూర్చోవడం కాదు. వాడి బాపు ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పడతాడు. 'ల్యాబు పోతే వల పట్టు' అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. వాడికి పనంటే భయం లేదు. తెప్ప ఎక్కితే కళ్లు తిరుగుతాయి. చేపలు పట్టే ఇంట్లో పుట్టి నీళ్లు చూస్తే వాంతి చేసుకునేవాణ్ని నేను వాడినొక్కణ్నే చూశాను.

అందుకని వాడు ప్రాక్టీసు చేస్తున్నాడు. ప్రాక్టీసంటే, పోయినేడాది వాట్సాప్‌లో వచ్చిన రీడింగులను అందంగా మళ్లీ రాయడం. సరిగ్గా అప్పుడు చైర్మన్ సారు లోపలికి వచ్చారు.

"ఏమయ్యా, అటొక సెకను ఇటొక సెకను ఊగాలంటే ఎంత పొడుగుండాలె?"

నా దోస్తుకు జీవితంలో తెలిసిన జవాబు ఒకటే ఉంది, అది ఆ ప్రశ్నకే. టెన్త్‌లో ఒక మార్కు బిట్టు.

"ఒక మీటర్ సార్," అన్నాడు, ఆయన మాట పూర్తి కాకముందే.

చైర్మన్ సారు వాడి భుజం తట్టారు. మర్నాడు పొద్దున అందరి ముందూ మెచ్చుకున్నారు. 'లెక్చరర్లు కూడా పుస్తకం తెరవందే చెప్పరు, ఈ పిలగాడు రెప్పకొట్టేలోపల చెప్పిండు' అన్నారు. వాడు ఆ వారమంతా క్యాంటీన్‌లో కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్నాడు.

పట్టీ వచ్చింది. మీటరు పొడుగు, వెడల్పు రెండు వేళ్లు, తళతళలాడే ఇత్తడి. దాని మీద పైనుంచి కిందికి చైర్మన్ సారు పూర్తి పేరు చెక్కించారు. తుర్కయాంజాల్‌లో చేయించిన గాజుపెట్టె కూడా వచ్చింది, పట్టీకి సరిగ్గా పట్టేంత ఎత్తు. పై కొసన చిల్లు, చిల్లులో మేకు, మేకుకు పట్టీ. చైర్మన్ సారు స్వయంగా ఒక తోపు తోసి గడియారం చూశారు. పట్టీ ఊగింది, చాలా అందంగా ఊగింది. కాకపోతే తొందరగా ఊగింది. గడియారం ఒక నిమిషం నడిచేసరికి అరవై ఊపులు అవ్వాల్సింది డెబ్బై మూడు దాటాయి.

"గడియారం స్లో అయినట్టుంది," అన్నారు చైర్మన్ సారు.

ఇంకో గడియారం తెచ్చారు. అది కూడా స్లో అయింది. మూడోది కూడా. చివరికి సెల్‌ఫోన్లు తీశారు. ఫోన్లన్నీ కలిసి కుట్ర పన్నాయని అనడం ఆయనకు కూడా కష్టమైపోయింది. అప్పుడు నా దోస్తు కోసం కబురు పెట్టారు.

వాడు వెళ్లినప్పటి మొహానికీ, వచ్చినప్పటి మొహానికీ పోలిక లేదు.

"ఏమన్నడురా?"

"నా హాల్ టికెట్ ఆయన సొరుగుల వెట్టుకుండు. ఇన్‌స్పెక్షన్ లోపల పట్టీ సెకనుకు రావాలె, లేకుంటే ప్రాక్టికల్స్‌కు రానియ్యనన్నడు. అయిపోయిందిరా. నా బతుకు అయిపోయింది."

"ఇంకా కాలేదు. ఎగ్జామ్‌కు వారం ఉంది. వారం తర్వాత అయితది."

"నవ్వులాటగుందారా నీకు?"

"నాకు కాదు. పట్టీకి."

వాడు నాతో పొద్దుగూకే దాకా మాట్లాడలేదు. క్యాంటీన్‌లో నా సమోసా మాత్రం తిన్నాడు.

మర్నాడు మేడం వచ్చారు. మా ఫిజిక్స్ మేడం కాంట్రాక్టు మీద ఉన్నారు. ఏ విషయానికీ గొంతు పెంచరు, పెంచిన గొంతుకు జీతంలో కలిపేది ఏమీ ఉండదని ఆమెకు తెలుసు. పెట్టె ముందు నిలబడి, పట్టీని వేలితో ఒకసారి కదిపి చూసి, వాడి వైపు తిరిగారు.

"మీటర్ అని నువ్వే చెప్పినవా?"

"అవ్ మేడం. బుక్కులున్నదే చెప్పిన."

"బుక్కుల ఉన్నది దారం కట్టిన గుండుకు. ఇది దారమా?"

వాడు పట్టీ వైపు చూశాడు. దాన్ని దారం అనడానికి వాడి మనసు ఒప్పుకోలేదు.

"దారానికి బరువంతా కింద కొసన ఉంటది," అన్నారు మేడం. "పట్టీకి బరువు పైనుంచి కింది దాకా పరుచుకొని ఉంటది. పైన ఉన్న ముక్క తొందరగ ఊగుతనంటది, కిందున్నది నిదానంగ ఊగుతనంటది. రెండూ ఒకటే ఇనుముల ఉన్నయి గాబట్టి నడుమ ఒక రాజీకి వస్తయి. మీటరు పట్టీ ఊగేది మీటరు దారం లెక్క కాదు. మీటరుకు మూడింట రెండు వంతులున్న దారం లెక్క."

"ఇనుము కాదు మేడం, ఇత్తడి," అన్నాను నేను.

"ఇత్తడయినా బంగారమయినా గంతే. నువ్వు జర సప్పుడు చెయ్యకు."

"మరి ఎంత ఉండాలె మేడం?" అన్నాడు వాడు.

"మీటరున్నర."

ముగ్గురం గాజుపెట్టె వైపు చూశాం. అది మీటరుకు నాలుగు వేళ్లే ఎక్కువ.

ఆ మాట మేడం చైర్మన్ సారుకు చెప్పారు. ఆయన మొత్తం విని, పెట్టెకు పెట్టిన ఖర్చు గుర్తు చేసుకుని, పొడుగు సంగతి మాట్లాడొద్దన్నారు. ఆయన దగ్గర ఇంకో ఉపాయం ఉంది. పట్టీ పలచగా ఉంది గాబట్టి తొందరపడుతోంది, రెండింతలు మందం చేస్తే బరువుకు నిదానిస్తుంది. మేడం కాదన్నారు. 'బరువు పెరిగితే కదలడానికి మొండికేస్తది సార్, కానీ భూమి లాగేది గూడ అంతే పెరుగుతది. రెండూ కొట్టుకపోతయి' అన్నారు. ఆయన తల ఊపారు. మనిషి తల ఊపితే ఒప్పుకున్నట్టు. చైర్మన్ తల ఊపితే మాట విన్నది చాలన్నట్టు. రెండు రోజుల్లో లావుపాటి పట్టీ వచ్చింది, పేరు కూడా కొంచెం లోతుగా చెక్కి. ఊపారు. డెబ్బై మూడు దాటాయి.

ఆ తర్వాత వాస్తు సారు వచ్చారు. ఆయన పట్టీని చూడలేదు, పెట్టె మొహం ఎటుందో చూశారు. ఉత్తరం గోడ నుంచి ఈశాన్యం మూలకు మార్చమన్నారు. మార్చడానికి ఆరుగురం మోశాం. గాజు పగలకుండా మోయాలి గాబట్టి, ఆ కాలేజీలో మేము అంత శ్రద్ధగా చేసిన పని అదొక్కటే. ఈశాన్యంలో ఊపారు. డెబ్బై మూడు దాటాయి. దిక్కులతో పట్టీకి ఏ పట్టింపూ లేదని నాకు ఆ రోజే అర్థమైంది. చైర్మన్ సారు మాత్రం 'కొంచెం ఫరక్ కనబడుతున్నది' అన్నారు.

అప్పటికి ఇన్‌స్పెక్షన్ మూడు రోజుల్లో పడింది. వాడు నా దగ్గరికి వచ్చి ల్యాబు బెంచీ మీద తల పెట్టుకున్నాడు.

"తెప్ప మీద వాంతికి ఏమన్న గోలీ ఉంటదారా?"

"ఉంటది. నిమ్మకాయ వాసన చూసినా తగ్గుతది. కానీ చేపలకు ఆ వాసన పడదేమో, మీ బాపును అడుగు."

"నీకు దోస్తులెట్ల దొరికిండ్రురా అసలు?"

"ఒక్కనివే దొరికినవ్. అదిగూడ ల్యాబుల ఇద్దరికొక బెంచీ ఇస్తరు గాబట్టి."

తల ఎత్తకుండానే నవ్వాడు. నవ్వుతూ ఎదురుగా ఉన్న దాన్ని చూశాడు. గోడకు తగిలించిన ఉక్కు పట్టీ అది. మా సిలబస్‌లో ఉన్న ప్రయోగమే, ల్యాబులో వాడుక పేరు బార్ పెండ్యులం. పొడుగు మీటరు. ఒక కొస నుంచి రెండో కొస దాకా వరసగా చిల్లులు. ఒక్కో చిల్లును కత్తి అంచులాంటి ఇనుప ముక్క మీద తగిలించి, ఊపి, టైమ్ రాయాలి.

రాయాలి అన్నాను గానీ, మా కాలేజీలో ఎవరూ పూర్తిగా రాయలేదు. ఇక్కడి పద్ధతి వేరు. కొసన ఉన్న మొదటి రెండు మూడు చిల్లులకు ఊపి చూస్తారు. మిగతావి సీనియర్లు పంపిన ఫోటోలోంచి దింపుతారు. బస్సు నాలుగున్నరకు. చిల్లులు చూస్తే బోలెడు. ఇలా ఎన్ని బ్యాచ్‌ల నుంచి నడుస్తోందో ఎవరికీ తెలియదు. ఆ పట్టీకి నడుం దగ్గరున్న చిల్లులు ఇనుప ముక్కను తాకి ఎన్నేళ్లయిందో, వాటిలో సాలెపురుగులు కాపురం పెట్టాయి.

"అరే," అన్నాడు వాడు మెల్లగా. "ఇది గూడ మీటరే. పొడుగు పెంచొద్దన్నడు. బరువు పెంచితే లాభం లేదు. మార్చనీకి మిగిలింది పట్టుకునే జాగ ఒక్కటే గదా."

నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచాను. జోకు వేయడానికి నాకు వెంటనే ఏదీ తట్టలేదు, అదొక అరుదైన సందర్భం.

కొసన ఉన్న చిల్లుకు తగిలించాం. చిన్నగా కదిపాం. ఎక్కువ ఊపితే లెక్క చెడుతుందని మేడం ఎన్నోసార్లు చెప్పిన మాట మొదటిసారి విన్నాం. అటు పోయి ఇటు రావడం ఒకటిగా లెక్కపెడితే, ఇరవైకి ముప్పై రెండు సెకన్లు. మాకు కావలసింది నలభై. కొంచెం లోపలి చిల్లుకు మార్చాం. ముప్పై ఒకటి చిల్లర. ఇంకా లోపలికి. ముప్పైన్నర.

వాడి మొహం పాలిపోయింది. "తగ్గుతున్నదిరా. లోపలికి పోయినకొద్ది ఇంక తొందరైతున్నది. పెరగాలంటే కొస దాటి బయట పట్టుకోవాలె. గాలిల పట్టుకోవాలె." మళ్లీ బెంచీ మీద తల పెట్టేశాడు. "అంతే. నిమ్మకాయలు కొనుక్కుంట."

"లోపలికి పోయినకొద్ది తొందరైతే, మధ్యల తగిలిస్తే ఫ్యాన్ లెక్క తిరుగుతదా అయితే?" అన్నాను. అనడమే కాదు, నిజంగానే తిరుగుతుందేమో చూద్దామని సరిగ్గా నడుం దగ్గరి చిల్లులో సాలెగూడు ఊది, తగిలించి, ఒక తోపు తోశాను. కరెంటు పోయినప్పుడల్లా పనికొస్తుందని కూడా అన్నాను.

పట్టీ తిరగలేదు. ఊగలేదు కూడా. ఒక పక్కకు వాలి అక్కడే నిలబడింది. ఇంకో పక్కకు వంచితే ఆ పక్కనే ఉండిపోయింది. వెనక్కి రావాలన్న ఆలోచనే దానికి లేదు. మా అటెండెన్స్ పద్ధతిలాగే.

"చెడగొట్టినవా?" అన్నాడు వాడు తల ఎత్తి.

"లేదురా. రిటైరైంది."

వాడు లేచి దగ్గరికి వచ్చాడు. పట్టీని కొంచెం వంచి వదిలాడు. మళ్లీ వంచాడు. చాలాసేపు దాన్నే చూశాడు.

"ఇది ఎప్పటికి తిరిగొస్తది?"

"మన డిగ్రీలు వచ్చినంక."

"అంటే ఎప్పటికీ రాదు. ఔనా? ఇక్కడ ఎప్పటికీ రాదు. ఆ చిల్లు కాడ ముప్పైన్నర. అంటే తగ్గుకుంట తగ్గుకుంట వచ్చింది, ఎక్కడో మళ్ల పెరగాలె గదా. ఊకనే పెరగదు. ముప్పైన్నర నుంచి 'ఎప్పటికీ రాదు' దాకా పోవాలంటే నడుమ నలభై తగలాలె."

నాలుగున్నర బస్సు పోయింది. మేము చూడలేదు. మిగిలిన చిల్లులన్నిటికీ తగిలించాం. ముప్పైన్నర దగ్గర కాసేపు అటూ ఇటూ తచ్చాడింది, తర్వాత ఎక్కడం మొదలుపెట్టింది. నడుం నుంచి పది సెంటీమీటర్ల చిల్లుకు ముప్పై తొమ్మిదికి కొంచెం తక్కువ. ఐదు సెంటీమీటర్ల చిల్లుకు యాభై రెండు దాటింది, మధ్యలో నాకు ఆవలింత కూడా వచ్చింది. మాకు కావలసిన నలభై పది సెంటీమీటర్లకు కాస్త లోపల ఎక్కడో ఉంది. అక్కడ చిల్లు లేదు. ఇక లెక్క కట్టాలి.

లెక్క వాడే కట్టాడు. ఫార్ములా వాడికి పాటలా వచ్చు. గీత కింద బరువు, భూమి లాగే బలం, పట్టుకున్న చోటికి నడుం ఎంత దూరమో అది. గీత పైన మూమెంట్ ఆఫ్ ఇనర్షియా, అంటే పట్టీ తిరగడానికి ఎంత మొండికేస్తుందో అది. పట్టీ మూమెంట్ ఎంత అంటే నిద్రలో కూడా పొడుగు వర్గంలో పన్నెండో వంతు అంటాడు, బరువుతో గుణించి. వేశాడు. నడుం నుంచి ఎనిమిదిన్నర సెంటీమీటర్లకు లోపు అని వచ్చింది.

మర్నాడు పొద్దునే హాల్లోంచి ఇత్తడి పట్టీ విప్పుకుని ఇబ్రహీంపట్నం చౌరస్తాలో లేత్ షాపుకు పోయాం. అంటే చైర్మన్ సారు పేరును బైకు మీద మా ఇద్దరి నడుమ అడ్డంగా పెట్టుకుని పోయాం. ఆటోలు దారి ఇచ్చాయి. షాపతను గుర్తు పెట్టమన్నాడు. వాడు స్కేలు పెట్టి, సన్నటి గీత గీశాడు. షాపతను డ్రిల్లు అందుకున్నాడు.

"జర ఆగన్నా," అన్నాను. "మేడంకు ఒకసారి చెప్దాం. ఒక్క చిల్లుకే చాన్సుంది. పక్కకు ఇంకోటి కొడితే రెండూ కలిసి చెరువు తూమంత బొక్క అయితది."

వాడు విసుక్కుంటూ ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టాడు. లెక్కంతా చెప్పాడు. మేడం విన్నారు.

"ఆ పన్నెండో వంతు ఎక్కడ తిప్పితే వచ్చేది?"

"పట్టీకి మేడం."

"పట్టీకే. ఎక్కడ పట్టుకొని తిప్పితే?"

వాడు నా వైపు చూశాడు. నేను షాపతని వైపు చూశాను. షాపతను టీ తెప్పించుకున్నాడు.

"నడుం కాడ మేడం," అన్నాడు వాడు.

"నువ్వు వేలాడదీసేది నడుం కాడనా?"

"...కాదు మేడం."

"మరి? నడుం పట్టుకొని తిప్పితే పట్టీ తన చుట్టూ తనే తిరుగుతది. వేరే కాడ పట్టుకుంటే తిరుగుడే కాదు, నడుం గూడ ఆ మేకు చుట్టూ చక్కర్లు కొట్టాలె. ఆ చక్కర్ల మొండితనం ఎవడు కలపాలె? నిన్న ల్యాబుల పది సెంటీమీటర్లకు ఎంత వచ్చింది?"

"ముప్పై తొమ్మిదికి జర తక్కువ."

"నీ లెక్కల పది పెట్టి చూడు, ఎంతొస్తదో."

చూశాడు. ముప్పై ఏడు కూడా రాలేదు. నిన్న మా కళ్లతో చూసింది దాదాపు ముప్పై తొమ్మిది. ఫార్ములా పాటలా వచ్చినా, పాటలో ఒక చరణం మింగేశాడు.

"పట్టుకున్న చోటి చుట్టూ ఉండాలె మూమెంట్," అన్నారు మేడం. "నడుం చుట్టూ ఉన్నదానికి బరువు ఇంటూ దూరం వర్గం కలుపు. కలిపి ఫోన్ చెయ్యి." పెట్టేశారు.

లేత్ షాపు గోడ మీద సుద్దముక్కతో లెక్క కట్టాడు. ఈసారి నడుం నుంచి తొమ్మిది సెంటీమీటర్లు, ఇంకో రెండు మిల్లీమీటర్లు. పాత గీతకు కొత్త గీతకు నడుమ వేలి గోరంత దూరం. ఆ గోరంతలో వాడి ఏడాది ఉంది. షాపతను 'గింతదానికా ఇంత లొల్లి' అన్నట్టు చూసి డ్రిల్లు పెట్టాడు.

అప్పుడు గమనించాం. చిల్లు పడే చోట చైర్మన్ సారు ఇంటిపేరు ఉంది.

"ఆపన్నా, ఆపు," అన్నాడు వాడు. "పేరుల చిల్లు పడుతున్నదిరా. హాల్ టికెట్ కాదు, టీసీ ఇస్తడు."

నేను వంగి చూశాను. గీత సరిగ్గా ఇంటిపేరులో సున్నా మీద పడింది. "చూడు, సున్నా పోయి సున్నానే వస్తది. కొట్టన్నా."

కొట్టాడు. నిజంగానే, ఆ ఇంటిపేరులో అంత గుండ్రటి సున్నా అంతకుముందు లేదు.

పెట్టెలో మేకును కిందికి దించి పట్టీని కొత్త చిల్లుకు తగిలించాం. ఇప్పుడు మేకు పైన దాదాపు మూరెడు పట్టీ నిటారుగా నిలబడింది, కింద దానికంటే కొంచెం పొడుగు వేలాడింది. తక్కెడ ముల్లులా ఉంది. వాడు ఒక వేలితో కదిపాడు. పట్టీ ఏ తొందరా లేకుండా, ప్రభుత్వ ఆఫీసులో ఫైలు కదిలినట్టు అటు పోయి, ఆలోచించి, ఇటు వచ్చింది. గడియారంలో సెకను, పట్టీలో ఊపు. సెకను, ఊపు. నిమిషం అయ్యేసరికి అరవై.

రెండో నిమిషం కూడా లెక్కపెట్టాం, ఊరికే.

చైర్మన్ సారు వచ్చి చూశారు. సంతోషించారు. "చెప్పిన గదా, ఈశాన్యంల ఫరక్ ఉంటదని," అన్నారు. హాల్ టికెట్ మాత్రం ఇన్‌స్పెక్షన్ అయ్యాకే ఇస్తానన్నారు. ఆ లోపు ఏ దిక్కు మనసు మార్చుకుంటుందోనని కాబోలు.

ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు. మొదటాయన పెండ్యులం ముందు నుంచి తలైనా తిప్పకుండా టిఫిన్ వైపు పోయాడు. రెండో ఆయన పలక చదివి, తన గడియారం చూసుకుని, ఎప్పుడు వదిలిపెడతారని అడిగాడు. మూడో ఆయన పెద్ద వయసాయన, ఆగాడు. ఫోన్ తీశాడు. ఊపులు లెక్కపెట్టాడు, పెదవులు కదుపుతూ. పక్కన నా దోస్తు కూడా పెదవులు కదుపుతున్నాడు, అయితే అది దేవుడి పేరు.

"కరెక్టుగానే ఉంది," అన్నాడాయన. "కానీ నడిమిట్ల ఎందుకు వేలాడదీశిండ్రు?"

చైర్మన్ సారు మూల వైపు చెయ్యి చూపించబోయి, ఆయన మొహం చూసి, ఆ చేతిని అలాగే తిప్పి నా దోస్తు వైపు చూపించారు.

వాడు ముందుకు వచ్చాడు. "కొసకు పట్టుకుంటే తొందరైతది సార్. మీటరు పట్టీకి సెకను రాదు. లోపలికి తెస్తే ముందుగాల ఇంక తొందరైతది, తర్వాత నిదానిస్తది. ఎందుకంటే నడుం దగ్గరపడ్డకొద్ది పై సగం కింది సగం తక్కెడ లెక్క సమానమైతయి, భూమి లాగి సరిచేసేది తగ్గుతది. పట్టీ మొండితనం మాత్రం అంత తగ్గది. అందుకే మెల్లగొస్తది. పట్టుకున్న చోటి చుట్టూ మూమెంట్ తీసి లెక్క కట్టినం సార్. నడుం చుట్టూ కాదు." ఆ చివరి మాటను కొంచెం గట్టిగా అన్నాడు.

ఆయన మొత్తం విన్నాడు. తల ఊపాడు. నిజంగా ఊపాడు, చైర్మన్ ఊపు కాదు.

"అంతా బాగుంది. కానీ ఇంత తిప్పల ఎందుకయ్యా? మీటరున్నర పట్టీ చేయించి కొసకే తగిలిస్తే అయిపోయేది గదా?"

మేడం నేల వైపు చూశారు. ఆమె భుజాలు మాత్రం కొద్దిగా కదిలాయి.

"పెట్టె ముందుగాలనే చేయించినం సార్," అన్నారు చైర్మన్ సారు.

ఆయన పెట్టెను ఒకసారి, చైర్మన్ సారును ఒకసారి చూసి, టిఫిన్ వైపు నడిచాడు. సాయంత్రం సొరుగు తెరుచుకుంది. హాల్ టికెట్ మీద టీ మరక ఉంది, ఫోటోలో వాడి గడ్డం దగ్గర. గడ్డం వచ్చినట్టు కనిపించిందని వాడు సంతోషపడ్డాడు.

ప్రాక్టికల్స్ రోజు నేను ల్యాబు కిటికీ బయట నిలబడ్డాను. చీటీలో వాడికి పెండ్యులం రాలేదు, కటకం వచ్చింది. ఆ కటకాన్ని వాడు ఎన్నడూ ముట్టుకోలేదు. బయట నేను మనసులో నిమ్మకాయలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. గంటన్నర దానితో కుస్తీ పట్టి, ఏవో నాలుగు రీడింగులు తెచ్చాడు. అన్నీ కళ్లతో చూసినవే. అందుకే ఒకదానికొకటి పొంతన కుదరలేదు. వేరే ఊరి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు వాటిని చూసి మొహం చిట్లించాడు. సరే, ఒక తేలిక ప్రశ్న అడుగుతాను అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

"లోలకం పొడుగు ఒక మీటరు. అటు పోయి ఇటు రానీకి ఎంత టైమ్ పడుతుంది?"

టెన్త్ బిట్టు. నా దోస్తుకు జీవితంలో తెలిసిన ఒకే ఒక జవాబు. నోరు తెరిచాడు. తెరిచి, మూశాడు. మళ్లీ తెరిచాడు.

"దారంతోటా సార్, పట్టీతోటా?"

ఎక్స్‌టర్నల్ సారు కుర్చీ ముందుకు వచ్చింది. "పట్టీ అయితే?"

"ఎక్కడ పట్టుకున్నరు సార్?"

ఆ తర్వాత వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. గొంతులు తగ్గించారు, కిటికీ బయటికి ఇక ఏమీ వినిపించలేదు. వాడి చేతులు మాత్రం కనిపించాయి, ఒకటి పైన, ఒకటి కింద, నడుమ ఒక మేకు ఉన్నట్టు.

వాడు పాసయ్యాడు. వాళ్ల బాపు ఆ సాయంత్రం మా ఇద్దరికీ కొరమీను పులుసు పెట్టాడు. పులుసు తింటూ 'సదువు అంటే ఏంది బిడ్డా, ఇంతకు ఏం నేర్సుకున్నవ్' అని అడిగాడు. వాడు చాలా గంభీరంగా, 'పట్టుకునే కాడ పట్టుకోవాలె బాపు' అన్నాడు.

"గది వల పట్టినా అంతే గదరా," అన్నాడు వాళ్ల బాపు, ముల్లు తీస్తూ.